సొంత ఫోన్ బిల్లు కంపెనీ నుంచి రాబట్టుకోవడానికి లేఖ ఎలా రాయాలి

డీలర్లు, కస్టమర్లు, డ్రైవర్లు, సైట్ మేస్త్రీలు అందరి దగ్గరా మీ సొంత నంబరే ఉంటుంది. కంపెనీ సిమ్ ఇవ్వదు, బిల్లు మాత్రం నెలనెలా మీ జేబులోంచి పోతుంది. ఆ డబ్బు అడుగుతూ ఉద్యోగులు రాసే లేఖల్లో చాలావరకు తిరస్కరణకు గురికావు, అకౌంట్స్ వాళ్ళ బల్ల మీద అలాగే ఆగిపోతాయి. అడిగిన మొత్తం జత చేసిన బిల్లుల్లో ఎక్కడా కనిపించకపోవడమే దానికి అసలు కారణం. అందుకే ఇక్కడ లేఖ భాష కంటే లెక్కకే ఎక్కువ చోటిచ్చాం. లెక్క కుదిరాక రాయాల్సింది ఒక్క పేజీయే.

ఉదాహరణకి గుంటూరు ఏరియాలో వ్యవసాయ మోటార్లు అమ్మే ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని తీసుకుందాం. సొంత పేరు మీద పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉంది, నెలకు 449 రూపాయల ప్లాన్. మూడు నెలల బిల్లు కంపెనీని అడగాలి.

ముందు చూసుకోవాల్సినవి

మొదట మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. మన దగ్గర ప్రైవేటు కంపెనీల్లో ఫోన్ ఖర్చు వస్తుందా రాదా అన్నది ఎక్కువగా ఆ లెటరూ, కంపెనీ హెచ్‌ఆర్ పాలసీ చెప్పేదాన్ని బట్టే ఉంటుంది. పాలసీలో మూడు సంగతులు వెతకండి. నెలకు గరిష్ఠంగా ఎంత ఇస్తారు, బిల్లు తేదీ నుంచి ఎన్ని రోజుల్లోపు క్లెయిమ్ పెట్టాలి, ఎవరి సంతకం కావాలి. గడువు దాటిన బిల్లును అకౌంట్స్ వాళ్ళు ఇద్దామనుకున్నా సిస్టమ్ తీసుకోదు. మార్చి నెల బిల్లుల విషయంలో మరింత జాగ్రత్త పడాలి. మార్చి 31తో ఆ ఏడాది ఖాతాలు ముగుస్తాయి కాబట్టి, మార్చి వాడకానికి బిల్లు ఏప్రిల్‌లో వచ్చేటట్టయితే ఆ సంగతి అకౌంట్స్‌కి నెలాఖరులోపే ఒక మెయిల్‌లో చెప్పి ఉంచండి.

తర్వాత మీ పే స్లిప్ చూడండి. అందులో టెలిఫోన్ అలవెన్స్ అని ఇప్పటికే ఒక లైన్ ఉంటే మీరు అడగాల్సిన పద్ధతి మారుతుంది. అలవెన్స్ తీసుకుంటూ అదే ఖర్చుకి మళ్ళీ బిల్లు పెడితే రెండుసార్లు అడిగినట్టే. అలవెన్స్ చాలడం లేదనుకుంటే, దాన్ని మినహాయించి మిగిలిన తేడా మాత్రమే అడగాలి.

పాలసీలో ఏమీ లేకపోతే, సొంత నంబర్ వాడమని మీకు ఎవరు ఎప్పుడు చెప్పారో రుజువు వెతకండి. మేనేజర్ పంపిన మెయిల్ కావచ్చు, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ కావచ్చు, మీ నంబర్ అచ్చు వేయించిన విజిటింగ్ కార్డు కావచ్చు. విజిటింగ్ కార్డుకి ఎంత బలం ఉందో చాలామంది గమనించరు. కంపెనీ ఖర్చుతో కంపెనీ పేరు కింద మీ సొంత నంబర్ అచ్చయిందంటే, ఆ నంబర్ కంపెనీ పనికి వాడుతున్నారని వేరే నిరూపించాల్సిన పని లేదు.

బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

మన ఇళ్ళలో ఇది నిజంగా ఎదురయ్యే చిక్కు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో నాన్నగారి గుర్తింపు కార్డు మీద తీసుకున్న సిమ్ ఇప్పటికీ నడుస్తూ ఉంటుంది. బిల్లు నాన్నగారి పేరు మీద వస్తుంది. ఆడిటర్ దాన్ని చూసి, ఈ ఖర్చు ఉద్యోగిది కాదు కదా అని ఎర్ర సిరాతో గుండ్రం చుడతాడు.

దీనికి సరైన దారి కనెక్షన్‌ని మీ పేరుకి మార్పించుకోవడం. ఇద్దరూ గుర్తింపు కార్డులతో ఆపరేటర్ స్టోర్‌కి వెళ్ళి అడిగితే పని అవుతుంది, నంబర్ మారదు. ఈలోపు క్లెయిమ్ పెట్టాలంటే రెండు కాగితాలు చేర్చండి. ఫలానా నంబర్‌ని నా కుమారుడు లేదా కుమార్తె వాడుతున్నారు, బిల్లు వాళ్ళే కడుతున్నారు అని నాన్నగారు సంతకం పెట్టిన నాలుగు లైన్ల చీటీ ఒకటి. ఆ బిల్లు మీ బ్యాంకు ఖాతా నుంచి కట్టినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ రెండోది.

బిల్లులో ఏ అంకె తీసుకోవాలి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం. పోస్ట్‌పెయిడ్ బిల్లు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించేది మీరు కట్టాల్సిన మొత్తం. అందులో పాత బాకీ కూడా కలిసి ఉండొచ్చు. మీకు కావాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ నెల ఛార్జీలు. ఈ రెండింటికీ తేడా ఎలా వస్తుందో మన ఉదాహరణలో చూడండి.

449 రూపాయల ప్లాన్ మీద 18 శాతం జీఎస్టీ 80.82 అవుతుంది. అంటే ఏ అదనపు ఛార్జీలూ లేని నెలలో బిల్లు 529.82. జూన్ 5 నుంచి జూలై 4 వరకు వచ్చిన మొదటి బిల్లు సరిగ్గా అంతే ఉంది.

రెండో బిల్లు జూలై 5 నుంచి ఆగస్టు 4 వరకు. అందులో సినిమాలు చూసే ఒక యాప్‌కి 99 రూపాయల ప్యాక్ చేరింది. జీఎస్టీతో కలిపి అది 116.82, బిల్లు మొత్తం 646.64. ఈ బిల్లు గడువులోపు కట్టలేదు.

మూడో బిల్లు ఆగస్టు 5 నుంచి సెప్టెంబర్ 4 వరకు. 529.82కి తోడు 100 రూపాయల లేట్ ఫీ, దాని మీద జీఎస్టీ 18 రూపాయలు పడ్డాయి. ఆ నెల ఛార్జీలు 647.82. కానీ పాత బాకీ 646.64 కూడా కలిసింది కాబట్టి మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించేది 1,294.46.

ఇప్పుడు మూడు బిల్లుల మొదటి పేజీ అంకెలు కూడితే 2,470.92 వస్తుంది. హడావిడిలో రాసే లేఖల్లో ఉండేది ఇదే. అందులో రెండో నెల బిల్లు రెండుసార్లు లెక్కకొచ్చింది. మోసం చేయాలనే ఉద్దేశం మీకు లేకపోయినా, చూసేవాళ్ళకి మాత్రం అది డబుల్ క్లెయిమ్‌గానే కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి బిల్లునీ అనుమానంగానే చూస్తారు.

సరైన లెక్క ఇది. సినిమా యాప్ ప్యాక్ మీ సొంతానిది, తీసేయాలి. లేట్ ఫీ మీ ఆలస్యం వల్ల పడింది, అదీ తీసేయాలి. కాలర్ ట్యూన్, ఇంట్లోవాళ్ళ యాడ్-ఆన్ నంబర్, ఫోన్ ఈఎంఐ లాంటివి ఉంటే వాటినీ, వాటి మీద పడిన జీఎస్టీతో సహా తీసేయాలి. మిగిలింది మూడు నెలలకీ 529.82 చొప్పున 1,589.46.

ప్లాన్ మీద పడిన జీఎస్టీని మాత్రం వదులుకోకండి. బిల్లు మీ పేరు మీద ఉంది కాబట్టి కంపెనీకి ఆ పన్నుని తను కట్టాల్సిన జీఎస్టీలోంచి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకునే వీలు లేదు. మీ చేతి నుంచి పోయింది పన్నుతో కలిపిన మొత్తం, ఖర్చు కూడా అదే.

పనికి ఎంత, సొంతానికి ఎంత

కాల్స్ అన్నీ అపరిమితంగా దొరికే ప్లాన్లలో ఏ కాల్‌కి ఎంత పడిందో చెప్పలేం. అందుకని మొత్తం బిల్లు అడగడమూ బాగోదు, ఏమీ అడగకుండా ఊరుకోవడమూ న్యాయం కాదు. ఒక నెలని నమూనాగా తీసుకుని నిష్పత్తి కట్టడం అందరూ ఒప్పుకునే దారి.

ఆపరేటర్ యాప్‌లో గానీ స్టోర్‌లో గానీ అడిగి ఒక నెల ఐటమైజ్డ్ బిల్లు తీసుకోండి. మామూలుగా అందులో మీరు చేసిన కాల్సే ఉంటాయి, వచ్చినవి ఉండవు. పర్వాలేదు, నిష్పత్తికి అవి చాలు. పని నంబర్ల పక్కన టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. మన ఉదాహరణలో జూలై బిల్లులో 412 కాల్స్ ఉన్నాయి, వాటిలో 309 డీలర్లకి, సర్వీస్ సెంటర్‌కి, ఆఫీసుకి చేసినవి. అంటే 75 శాతం. 1,589.46లో 75 శాతం 1,192.10. రూపాయలకి సరిచేస్తే 1,192.

సరిచేయడం చివర్లో ఒక్కసారే చేయండి. నెలనెలకీ విడిగా సరిచేసి కూడితే పైసల్లో తేడా వచ్చి మీ పట్టికా, మొత్తమూ పొసగవు. ఆ తేడా ఎక్కడిదో వెతుక్కుంటూ అకౌంటెంట్ మీ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు.

సెలవులు ఎక్కువ తీసుకున్న నెలనో, ఇంట్లో పెళ్ళి జరిగిన నెలనో నమూనాగా తీసుకోకండి. నిష్పత్తి మామూలు కంటే తక్కువ వస్తుంది. అలాగని బాగా రద్దీగా ఉన్న సీజన్ నెలని ఎంచుకుంటే అడిగినప్పుడు సమర్థించుకోలేరు. ఆ నెలనే ఎందుకు తీసుకున్నారంటే ఒక్క మాటలో చెప్పగలిగేలా ఉండాలి.

ఐటమైజ్డ్ బిల్లు జత చేసే ముందు ఒక పని తప్పకుండా చేయండి. సొంత నంబర్లన్నిటి మీదా నల్ల స్కెచ్ పెన్నుతో గీత కొట్టి, దాన్ని స్కాన్ చేసి పంపండి. మీరు ఏ డాక్టర్‌కి ఫోన్ చేశారో, అర్ధరాత్రి ఎవరితో మాట్లాడారో ఆఫీసులో నలుగురి చేతులు మారే కాగితంలో ఉండనక్కర్లేదు. కాల్స్ ఎన్నో తెలిస్తే చాలు.

ప్రీపెయిడ్ వాడేవాళ్ళకి

ప్రీపెయిడ్‌లో మీరు కట్టే రీఛార్జ్ ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది, పైన మళ్ళీ వేయకూడదు. 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు పడతాయి. జనవరి 3న చేయిస్తే తర్వాతిది జనవరి 31న వస్తుంది, ఆ నెలలో రెండు కనిపిస్తాయి. క్లెయిమ్‌లో కారణం రాయకపోతే ఒకటి కొట్టేస్తారు. కాబట్టి నెల పేరు కాకుండా ప్రతి రీఛార్జ్‌కీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయండి.

యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. డబ్బు కట్టినట్టు దానితో తెలుస్తుంది కానీ ఏ ప్లానో, పన్ను ఎంతో తెలియదు. ఆపరేటర్ సొంత యాప్‌లో రీఛార్జ్ చరిత్రలోకి వెళ్ళి ఇన్‌వాయిస్ దించుకోండి. ప్రీపెయిడ్ వాళ్ళకీ ఐటమైజ్డ్ వివరాలు అడిగే హక్కుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం గడిచిన ఆరు నెలల్లోపు వాడకానికి అడగొచ్చు, దానికి 50 రూపాయలకి మించి తీసుకోకూడదు. అయితే ఇవ్వడానికి వాళ్ళకి 30 రోజుల గడువుంది, ఆ లెక్కన ముందే అడిగి పెట్టుకోండి.

ఇక లేఖ

ఒక్క పేజీ దాటకూడదు. విషయం అనే లైన్‌లోనే కాలం, మొత్తం రెండూ ఉండాలి. కంపెనీలో ఉత్తరాలు ఇంగ్లీషులో నడిచేటట్టయితే ఇదే వరుసని అందులో రాసుకోవచ్చు.

తేదీ: 12 సెప్టెంబర్ 2025

అకౌంట్స్ మేనేజర్ గారికి,
ఏరియా సేల్స్ మేనేజర్ గారి ద్వారా

విషయం: 5 జూన్ నుంచి 4 సెప్టెంబర్ 2025 వరకు కంపెనీ పనికి వాడిన సొంత ఫోన్ బిల్లు 1,192 రూపాయలు ఇప్పించమని వినతి

అయ్యా,

నేను గుంటూరు ఏరియాలో సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నాను. నా ఎంప్లాయీ నంబర్ ..........

డీలర్లతో మాట్లాడటానికి నా సొంత నంబర్ .......... వాడవలసిందిగా ఏరియా సేల్స్ మేనేజర్ గారు 28 మే 2025న మెయిల్‌లో తెలియజేశారు. అప్పటినుంచి ఆర్డర్లు, వారంటీ ఫిర్యాదులు, వసూళ్ళకు సంబంధించిన కాల్స్ అన్నీ ఈ నంబర్ నుంచే చేస్తున్నాను. నాకు టెలిఫోన్ అలవెన్స్ గానీ కంపెనీ సిమ్ గానీ లేవు.

ఈ మూడు బిల్లుల్లో ప్లాన్ ఛార్జీ, జీఎస్టీ కలిపి నెలకు 529.82 చొప్పున 1,589.46 రూపాయలు. రెండో బిల్లులోని సొంత ప్యాక్ 116.82, మూడో బిల్లులోని లేట్ ఫీ 118.00 ఇందులో కలపలేదు. జూలై బిల్లు ప్రకారం 412 కాల్స్‌లో 309 కంపెనీ పనికి చేసినవి కాబట్టి, 75 శాతం చొప్పున 1,192 రూపాయలు మాత్రమే కోరుతున్నాను.

రెండో, మూడో బిల్లులు కలిపి ఒకేసారి 1,294.46 చెల్లించాను. అందువల్ల చెల్లింపు రసీదులు రెండే ఉన్నాయి.

ఈ మొత్తాన్ని బిల్లు రీయింబర్స్‌మెంట్‌గా నా జీతం ఖాతాకు జమ చేయించగలరు. ఈ ఖర్చును ఇంతకుముందు ఎక్కడా క్లెయిమ్ చేయలేదు.

జతపరచినవి: బిల్లులు 3, చెల్లింపు రసీదులు 2, జూలై కాల్స్ వివరాలు, మే 28 నాటి మెయిల్ కాపీ.

ఇట్లు,
సంతకం, పేరు, హోదా

రసీదులు రెండే ఎందుకున్నాయో చెప్పే పేరా చిన్నదే అయినా, లేఖలో అదే లేకపోతే బిల్లులు మూడు, రసీదులు రెండు, అంకెలు వేరు అని కాగితం వెనక్కి వస్తుంది. అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు రాసి పెట్టడం అంటే ఇదే. తీసేసిన ఛార్జీలని పేరు పెట్టి రాయడమూ అందుకే. అకౌంటెంట్ బిల్లులో ఆ 116.82 చూసి ఇదేంటని అనుకునేలోపే లేఖలో దానికి సమాధానం దొరుకుతుంది.

ఇక నుంచి ప్రతి నెలా ఇవ్వాలనో, కంపెనీ సిమ్ కావాలనో ఇదే లేఖలో అడగకండి. గడిచిన ఖర్చుకి మీ మేనేజర్ సంతకం చాలు, కానీ ముందు ముందు ఇవ్వడమన్నది పాలసీ నిర్ణయం, పైవాళ్ళ దాకా వెళ్ళాలి. రెండూ ఒకే కాగితంలో ఉంటే పెద్ద నిర్ణయం తేలేదాకా చిన్న డబ్బు కూడా ఆగిపోతుంది. మొదటి డబ్బు చేతికొచ్చాక ఆ అంకెనే ఆధారంగా చూపించి రెండో లేఖ రాయండి.

పంపేటప్పుడు

ఆపరేటర్ మెయిల్‌లో పంపే బిల్లు పీడీఎఫ్‌కి చాలాసార్లు పాస్‌వర్డ్ ఉంటుంది. మీరు అలాగే ముందుకి పంపితే అకౌంట్స్ వాళ్ళకి తెరుచుకోదు, మిమ్మల్ని అడిగే తీరికా వాళ్ళకుండదు. పాస్‌వర్డ్‌తో తెరిచి, ప్రింట్‌లోకి వెళ్ళి పీడీఎఫ్‌గా మళ్ళీ సేవ్ చేసి, ఆ కాపీ పంపండి. పంపే ముందు వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. అన్నీ ఒకే ఫైల్‌గా, లేఖ మొదటి పేజీగా, లేఖలో చెప్పిన వరుసలోనే ఉండాలి.

మొదట మేనేజర్‌కి పంపి ఆమోదం తీసుకోండి. ఆయన సరే అని రాసిన మెయిల్ కిందే అకౌంట్స్‌కి పంపండి. మాటతో సరే అన్నది లెక్కలోకి రాదు.

పది పనిదినాల్లో ఏమీ తేలకపోతే కొత్త లేఖ రాయొద్దు, అదే మెయిల్‌కి జవాబుగా రెండు లైన్లు రాయండి. కొత్త లేఖ వెళితే రెండో క్లెయిమ్ అనుకునే ప్రమాదం ఉంది. ఇలా రాస్తే సరిపోతుంది: 'సెప్టెంబర్ 12న పంపిన 1,192 రూపాయల ఫోన్ బిల్లు క్లెయిమ్ ఏ దశలో ఉందో తెలియజేయగలరు. ఇంకా ఏవైనా కాగితాలు కావాలంటే ఈ రోజే పంపుతాను.'

తగ్గించి ఇస్తే ఎందుకు తగ్గించారో రాతపూర్వకంగా అడగండి. గరిష్ఠ పరిమితి వల్లనైతే తర్వాతి నెల నుంచి ఆ అంకెకి లోబడి పెట్టుకోవచ్చు. నిష్పత్తి నచ్చకపోయి ఉంటే ఇంకో నెల కాల్స్ వివరాలు చూపించొచ్చు.

అమెరికాలో కాలిఫోర్నియాలో పనిచేసే మనవాళ్ళకి మాత్రం ఇది పాలసీ మీద ఆధారపడిన విషయం కాదు. అక్కడి లేబర్ కోడ్ 2802 సెక్షన్ ప్రకారం పనికి తప్పనిసరిగా సొంత ఫోన్ వాడాల్సి వస్తే, బిల్లులో సబబైన వాటా కంపెనీ ఇచ్చి తీరాలి. అపరిమిత ప్లాన్ కాబట్టి అదనంగా ఏమీ ఖర్చు కాలేదు కదా అన్న వాదన చెల్లదని అక్కడి అప్పీల్ కోర్టు 2014లోనే చెప్పింది. వాళ్ళు లేఖలో ఆ సెక్షన్ నంబర్ ఒక్క లైన్‌లో రాస్తే చాలు, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

డబ్బు పడిన నెల పే స్లిప్‌లో అది ఏ పేరు కింద వచ్చిందో చూడండి. ప్రతి నెలా ఒకే మొత్తంగా ఇచ్చే అలవెన్స్ జీతంలో కలిసి పన్ను పడుతుంది. పని కోసం పెట్టిన ఖర్చుకి బిల్లు చూపించి తిరిగి తీసుకున్నది అలా జీతంలో కలవాల్సింది కాదు. లేఖలో 'బిల్లు రీయింబర్స్‌మెంట్‌గా' అని రాయమన్నది దీనికోసమే. పొరపాటున అలవెన్స్ లైన్‌లో పడి ఉంటే తర్వాతి నెల జీతాలు వేసేలోపే పేరోల్ వాళ్ళకి పే స్లిప్ కాపీ పెట్టి రాయండి, సరిచేయడం వాళ్ళకి అప్పుడైతే తేలిక.